మనుషుల లెక్కా, టికెట్ల లెక్కా? ఆత్రేయపురం నుంచి వచ్చిన ఉత్తరం

ప్రశ్న: మాది ఆత్రేయపురం. పూతరేకుల తయారీ మా అత్తగారు, మావారు చూసుకుంటారు. ఆన్‌లైన్ ఆర్డర్లు, కస్టమర్ల మెసేజ్‌లు నా పని. పగలు ఇద్దరమ్మాయిలు, రాత్రి మా ఆడపడుచు నాతోపాటు జవాబులిస్తారు. కొరియర్ సంగతులు మా మరిది చూస్తాడు. మామూలు నెలలో 400, నాలుగు పండగ నెలల్లో 1,500 దాకా సంభాషణలు వస్తాయి. ఖర్చు కలిసొస్తుందని సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సీటు కొని ఐదుగురం ఒకే లాగిన్ వాడుతున్నాం. మొన్న బెంగళూరు పెళ్లివారికి పంపిన 24 పెట్టెలు నలిగిపోతే, మాలో ఒకరు డబ్బు వెనక్కి పంపారు, ఇంకొకరు కొత్త పెట్టెలు పంపించారు. 9,600 రూపాయలు పోయాయి. రాత్రి డ్యూటీ తనదే కాబట్టి అందరూ మా ఆడపడుచునే అన్నారు. తను ‘నేను కాదు’ అంది. అప్పట్నుంచి ఫోన్ ముట్టుకోవడం లేదు, నాతో మాటలూ తగ్గిపోయాయి.

ఇప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి మనిషికి నెలకు 1,000 రూపాయలు, పై ప్లాన్ అయితే 2,500. రెండోది ఎంతమందైనా వాడుకోవచ్చు గానీ 300 టికెట్లకు, అంటే 300 సంభాషణలకు 5,000, ఆపైన ఒక్కో టికెట్‌కు 35. మరిది టికెట్ల ప్లానే మేలంటాడు. మనుషుల ప్లాన్ తీసుకుంటే మాత్రం ఆటోమేషన్ అంతా ఉన్న పై రకమే కావాలంటాడు. మావారు కింది రకం చాలంటారు. శ్రావణం లోపు తేల్చాలి. పోయిన నెలలో వచ్చిన 100 సంభాషణల పట్టిక జతచేశాను. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు మీ ఆడపడుచుగారి సంగతి మాట్లాడదాం. ప్లాన్ గొడవకీ దానికీ సంబంధం లేదనిపిస్తుంది గానీ, మూలం ఒక్కటే.

ఆ రాత్రి డబ్బు ఎవరు పంపారో, పెట్టెలు ఎవరు పంపించారో ఇక తేలదు. ఈ సాఫ్ట్‌వేర్లలో ప్రతి టికెట్ వెనకా ఒక చరిత్ర ఉంటుంది. ఏ టైముకు ఎవరు జవాబిచ్చారు, ఎవరు స్టేటస్ మార్చారు అన్నది వరసగా రాసి ఉంటుంది. మీ దగ్గర ఆ చరిత్ర అంతటా ఒకే పేరు కనిపిస్తుంది, ఎందుకంటే మీరు కొన్నది ఒకే పేరు. టైమును బట్టి ఎవరని ఊహించారు తప్ప, ఆవిడ చేసినట్టు మీ చేతిలో రుజువేమీ లేదు. ఇంకో మాట కూడా చూడండి. ఒక సంభాషణను ఇద్దరు ఒకేసారి తెరిస్తే ‘ఫలానావారు చూస్తున్నారు, జవాబు రాస్తున్నారు’ అని పక్కన చూపించే సదుపాయం ఉంటుంది. దాన్ని కొలిజన్ డిటెక్షన్ అంటారు. ఇద్దరూ ఒకే లాగిన్‌తో ఉంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఉన్నది ఒక్క మనిషే. ఇక ఎవర్ని చూసి ఎవర్ని హెచ్చరిస్తుంది? అంటే ఆ తప్పు జరగకుండా ఆపే తలుపును ఇంటిల్లిపాదీ కలిసి తీసేశారు. ఆ తర్వాత తప్పు ఒక్కరి నెత్తిన పడింది.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట కడియం వైపు ఒక నర్సరీ వాళ్లకు సపోర్ట్ పని చూసిపెట్టేవాణ్ణి. అక్కడా ఒకే లాగిన్. ఒకే కస్టమర్‌కు ఒకరు ‘మొక్క బతుకుతుంది, వారం ఆగండి’ అని, పది నిమిషాలకు ఇంకొకరు ‘కొత్తది పంపుతున్నాం’ అని రాశారు. ఆ పాపం కొత్తగా చేరిన కుర్రాడి మీదకు నెట్టాం. అతను ఆ వారమే మానేశాడు. ఎవరి లాగిన్ వాళ్లకు ఇచ్చాక అలాంటి జంట జవాబులు మళ్లీ నెలకు ఒకటో రెండో వచ్చాయి. అతను వెళ్లిపోయాక వచ్చినవి కాబట్టి అవి అతనివి కావు. అతనికి ఆ మాట చెప్పే వీలు నాకు దొరకలేదు.

కాబట్టి ‘నువ్వు చేశావని మేం రుజువు చేయలేం. అలా అనడం మా తప్పు’ అని మీరు వెళ్లి ఆవిడకు చెప్పాలి. మీ మరిదీ మీవారూ కూడా అక్కడ ఉంటే మంచిది. ప్లాన్ తేలేదాకా దీన్ని ఆపకండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మీ మరిది వాదనలో న్యాయం లేకపోలేదు. ఎంతమందైనా వాడుకోవచ్చు అంటే ఒకే లాగిన్ బాధ పోతుంది, వ్యాపారం తగ్గిన నెలలో ఖర్చూ తగ్గుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ మీరిచ్చిన అంకెలే దాంట్లో పెట్టి చూడండి.

మామూలు నెలలో 400 టికెట్లు. 300కి 5,000, మిగతా 100కి 3,500, కలిపి 8,500. అలాంటి నెలలు 8, అంటే 68,000. పండగ నెలలో 1,500. 300 పోను 1,200 టికెట్లకు 42,000, దానికి 5,000 కలిపితే 47,000. అలాంటి నెలలు నాలుగు, అంటే 1,88,000. ఏడాదికి మొత్తం 2,56,000. మీరు రాసిన ఐదుగురికీ కింది రకం సీట్లు కొంటే ఏడాదికి 60,000. పై రకం కొన్నా 1,50,000.

మీ అంకెల్లో దాగి ఉన్న గీటు ఇది: ఒక సీటు 1,000, ఒక అదనపు టికెట్ 35. అంటే ఒక మనిషి నెలకు 29 సంభాషణలు దాటి చూస్తే, ఆ మనిషికి సీటు కొనడమే చవక. పై రకం సీటైతే ఆ గీటు 72 దగ్గర పడుతుంది. మీ పగటి అమ్మాయిలు ఒక్కొక్కరు మామూలు నెలలోనే వంద దాటి చూస్తారు. పండగ నెలల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయితే టికెట్ల లెక్క ఎప్పుడూ నష్టమే అనుకోవద్దు. నర్సాపురంలో లేసు ఎగుమతి చేసేవాళ్లను తలుచుకోండి. వాళ్లకు కొనేవాళ్లు తక్కువ. నెలకు 90 ఉత్తరాలు వస్తాయనుకుందాం. కానీ ఒక్కో ఉత్తరానికి డిజైన్ చూసేవారు ఒకరు, ప్యాకింగ్ వారు ఒకరు, అకౌంట్స్ వారు ఒకరు జవాబివ్వాలి. ఎనిమిది మందికి లాగిన్ కావాలి. అక్కడ సీట్లకు 8,000 అయితే టికెట్లకు 5,000తో సరిపోతుంది. మనుషులు ఎక్కువ, సంభాషణలు తక్కువ ఉన్నచోట టికెట్ల లెక్క నిలబడుతుంది. మీ దగ్గర సరిగ్గా దానికి తిరగబడి ఉంది.

మీ మరిది ఇంకో మాట అనొచ్చు: ‘ఆటోమేషన్ పెడితే టికెట్లే తగ్గుతాయి కదా.’ అందుకే మీ పట్టికలోని 100 సంభాషణలనూ కూర్చుని విడదీశాను. ‘నా పార్సిల్ ఎక్కడుంది’ అన్నవి 41. ధర, రకాలు అడిగినవి 19. పని అయిపోయాక వచ్చిన ‘థాంక్స్ అండి, బాగున్నాయి’ లాంటివి 13. అడ్రస్ లేదా ఫోన్ నంబర్ మార్చమన్నవి 9. నలిగాయి, పొడి అయిపోయాయి అన్నవి 7. పెళ్లిళ్లకు పెద్ద ఆర్డర్లు 6. కొరియర్ వాళ్ల ఆటోమేటిక్ మెయిళ్లు, ప్రకటనలు 5.

ఈ 41ని తగ్గించడానికి పై ప్లాన్ ఏదీ అక్కర్లేదు. పెట్టె కొరియర్ చేతికిచ్చిన రోజే ట్రాకింగ్ లింకు కస్టమర్‌కు చేరితే వాటిలో సగం అసలు పుట్టవు. ఆ మెసేజ్ పంపాల్సింది మీ ఆన్‌లైన్ షాపు నుంచో, కొరియర్ సంస్థ నుంచో. సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌కు దాంతో పని లేదు. మీ మరిది చేతిలో ఉన్న పనే అది, ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

ఆ 13 థాంక్స్‌ల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే టికెట్ల ప్లాన్‌లో బిల్లు చెప్పాపెట్టకుండా పెరిగేది అక్కడే. ఒక సంభాషణ ముగిశాక కస్టమర్ మళ్లీ రాస్తే అది పాత టికెట్‌నే తెరుస్తుందా, కొత్త టికెట్‌గా పుడుతుందా అన్నది సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. జెన్‌డెస్క్ అనే సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. సాల్వ్ అయిన టికెట్‌కు కస్టమర్ జవాబిస్తే అదే తెరుచుకుంటుంది. కానీ మామూలుగా వచ్చే సెట్టింగ్ ప్రకారం 4 రోజులు దాటాక అది క్లోజ్ అవుతుంది, ఆ తర్వాత వచ్చిన మాట కొత్త టికెట్ అవుతుంది. మీ పూతరేకుల సంగతి చూడండి. ‘ఈరోజు పంపాం’ అని మీరు టికెట్ మూసేస్తారు. పెట్టె చేరడానికి మూడు నాలుగు రోజులు. తిని, ఇంట్లో అందరికీ పంచి, ఐదో రోజున ‘చాలా బాగున్నాయండి’ అని రాస్తారు. జెన్‌డెస్క్ సీట్ల లెక్కన అమ్ముతుంది కాబట్టి అక్కడ దానికి ఖర్చు లేదు. టికెట్లు లెక్కపెట్టే చోట ఇలాంటి సెట్టింగే ఉండి, మీరు మర్యాదకు ‘ధన్యవాదాలు’ అని తిరిగి రాశారో, ఆ మెచ్చుకోలు 35 రూపాయలు.

ఆ ‘ధన్యవాదాలు’ మీరే రాయనక్కర్లేదు, మీ ఆటో రిప్లై రాసినా అంతే. టికెట్ల లెక్కన అమ్మేవాటిలో గోర్జియస్ ఒకటి. అందులో మనిషి గానీ, మీరు పెట్టిన రూల్ గానీ కనీసం ఒక్క జవాబు పంపిన సంభాషణ బిల్లులోకి వస్తుంది. ఎవరూ జవాబివ్వని ప్రకటన రాదు. ఇది న్యాయమైన లెక్కే. కానీ ‘మీ మెసేజ్ అందింది, త్వరలో జవాబిస్తాం’ అని వచ్చిన ప్రతిదానికీ వెళ్లేలా రూల్ పెట్టామనుకోండి. కొరియర్ వాళ్ల ఆటోమేటిక్ మెయిల్‌కూ, ప్రకటనకూ మనమే జవాబిచ్చి, లెక్కలో లేనిదాన్ని లెక్కలోకి తెచ్చుకుంటాం. అవతల కూడా ఆటో రిప్లై ఉంటే రెండు యంత్రాలూ ఒకదానికొకటి జవాబులిచ్చుకుంటూ కూర్చుంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లు దీన్ని కొంతవరకు పట్టుకుంటాయి గానీ అన్నీ పట్టుకోలేవు. అందుకని ఏ ప్లాన్ తీసుకున్నా, ఆటో రిప్లై రూల్‌లో మొదటి షరతుగా కొరియర్ మెయిల్ అడ్రస్‌లను తీసేయండి.

ఇవన్నీ సర్దితే మీ సంభాషణలు ఏ 30 శాతమో తగ్గుతాయనుకుందాం. మామూలు నెలలో 280, పండగ నెలలో 1,050. అప్పుడు టికెట్ల ప్లాన్ 8 నెలలకు 40,000, నాలుగు పండగ నెలలకు 1,25,000, మొత్తం 1,65,000. బాగా తగ్గింది. అయినా ఐదు సీట్ల కింది రకానికి రెండున్నర రెట్లు పైమాటే. మీ మరిదికి ఈ రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపించండి. ఆయన అడిగిన మెరుగుదలను కలుపుకునే వేశామని చెప్పండి.

ఇక మనుషుల లెక్క. ఇందులో పొరపాటు వేరే చోట జరుగుతుంది. పై ప్లాన్‌లోని ఒక్క సదుపాయం కావాలన్నా, మామూలుగా అందరి సీట్లనూ పైకి జరపాల్సి వస్తుంది. రాత్రి పూట ఒక్కరికే అది అవసరం, ఆ ఒక్కరికే కొంటానంటే కుదరదు. కాబట్టి ‘ఆ సదుపాయం ఖరీదు ఎంత’ అంటే తేడా 1,500 అని చెప్పుకోకూడదు. తేడాను మనుషులతో గుణించి చెప్పుకోవాలి.

ముందు సీట్లు ఎన్ని కావాలో చూడండి. కస్టమర్‌కు జవాబు రాసేది మీరు, మీ ఆడపడుచుగారు, ఇద్దరమ్మాయిలు. నాలుగు. మీ మరిది కస్టమర్‌తో మాట్లాడరు, కొరియర్‌తో మాట్లాడతారు. ఇలాంటివారి కోసం జెన్‌డెస్క్‌లో లైట్ ఏజెంట్ అని ఉంది. టికెట్ చదవొచ్చు, లోపలివారికి మాత్రమే కనిపించే నోట్ రాయొచ్చు, కస్టమర్‌కు జవాబు ఇవ్వలేరు. దానికి విడిగా సీటు ఖర్చు పడదు, కానీ అది అన్నిటికన్నా కింది ప్లాన్‌లో రాదు. సీటు మిగిల్చే సదుపాయం కోసం మిగతా సీట్లన్నీ పైకి జరపడం మీకు గిట్టదు. కొరియర్ తగాదా ఉన్న టికెట్ నంబర్‌ను ఆయనకు ఫోన్‌లో పంపించండి, చాలు. నాలుగు సీట్లకు కింది రకం నెలకు 4,000, ఏడాదికి 48,000. పై రకం 10,000, ఏడాదికి 1,20,000. వీటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొటేషన్‌లో కలిపారో లేదో చూసుకోండి.

ఏడాదికి 72,000 తేడా. మీ మరిది డెమోలో చూసి మెచ్చుకున్నవి ఆ తేడాకు తగినవేనా అన్నదే అసలు ప్రశ్న.

ఏ ఆటోమేషన్ ఏ ప్లాన్‌లో ఉంటుందన్నది కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఒక వరస మాత్రం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. టికెట్ రాగానే ఒక మాట చూసి గుర్తు తగిలించడం, ఒక గుంపుకు పంపడం, రాసిపెట్టుకున్న జవాబులు వాడటం, గంటలు గడిచినా జవాబు లేకపోతే మెయిల్ పంపడం లాంటివి డబ్బు కట్టే కింది ప్లాన్‌లోనే దొరుకుతాయి. వచ్చిన టికెట్లను వంతులవారీగా మనుషులకు పంచే రౌండ్ రాబిన్ మధ్య ప్లాన్‌లో ఉంటుంది. ఫ్రెష్‌డెస్క్‌లో అది ప్రో ప్లాన్‌లో వస్తుంది. ఎవరికి ఏ పని వచ్చో చూసి పంచడం ఇంకా పైన ఉంటుంది.

రౌండ్ రాబిన్ మీకు వద్దని నా అభిప్రాయం. యాభై మంది కూర్చున్న ఆఫీసులో అది అవసరం, లేకపోతే సులువైనవి ఏరుకుని కష్టమైనవి వదిలేస్తారు. మీ ఇంట్లో పగలు ముగ్గురు, రాత్రి ఒకరు. రాత్రి తొమ్మిదింటికి వచ్చిన టికెట్ వంతు ప్రకారం పగటి అమ్మాయి పేరు మీద పడిందనుకోండి. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లేటప్పుడు ‘అందుబాటులో లేను’ అని మార్చడం మర్చిపోతే, పొద్దున్నదాకా దాన్ని ఎవరూ చూడరు. ‘అది తనది కదా’ అని మీ ఆడపడుచుగారు ముట్టుకోరు. ఇప్పుడున్న పరిస్థితిలో అసలే ముట్టుకోరు.

మీకు నిజంగా పదును పెట్టాల్సింది ఆ 9 అడ్రస్ మార్పులు, 7 నలిగినవి. అడ్రస్ మార్పు సాయంత్రం కొరియర్ బండి వచ్చేలోపు అందాలి. దీనికి కింది ప్లాన్‌లోని రూల్ చాలు. రూల్ పేర్లు, నింపాల్సిన గళ్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి గానీ సారం ఇదీ:

```
WHEN  ticket is created or customer replies
IF    message contains any of:
      address, adress, addr, pincode, అడ్రస్, చిరునామా
THEN  add tag: address_change
      priority: Urgent
      assign to group: Dispatch
```

ఆ మాటల జాబితా మీద శ్రద్ధ పెట్టండి. రూల్ అర్థం చూడదు, అక్షరాలు చూస్తుంది. మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. మీ పట్టికలోనే ఒకరు ‘adras’ అని రాశారు, పై జాబితా దాన్ని పట్టుకోదు. పాత మెసేజ్‌లు 200 తిరగేసి, జనం వాడిన ప్రతి రూపాన్నీ ఎక్కించండి. రెండు వారాల తర్వాత, ఆ గుర్తు పడకుండా జారిపోయినవి ఏమున్నాయో చూసి మళ్లీ చేర్చండి. పై ప్లాన్ కొన్నా ఈ పని మీరు చేయాల్సిందే.

నలిగిన పెట్టెలకు వేరే రూల్ కావాలి. ‘3 గంటలైనా ఎవరూ జవాబివ్వలేదు’ అంటే మీకు మెయిల్ రావాలి. ఇలా గంటలు లెక్కపెట్టే రూల్‌లు ప్రతి క్షణం చూస్తూ ఉండవు. జెన్‌డెస్క్‌లో వీటిని ఆటోమేషన్లు అంటారు, అవి గంటకోసారి నడుస్తాయి. ఫ్రెష్‌డెస్క్‌లోని టైమ్ ట్రిగ్గర్లూ అంతే. అంటే 3 గంటలని పెడితే హెచ్చరిక రావడానికి 4 గంటలు కావొచ్చు. నలిగిన పూతరేకుల ఫిర్యాదుకు అది ఫరవాలేదు. అడ్రస్ మార్పుకు పనికిరాదు. అందుకే దాన్ని టికెట్ రాగానే పనిచేసే రూల్‌లో పెట్టమన్నాను.

డబ్బు రెండుసార్లు పోకుండా ఉండటానికి ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. డబ్బు వెనక్కి ఇచ్చినా, పెట్టెలు మళ్లీ పంపినా, ముందు ఆ టికెట్‌కు `refund_done` లేదా `resend_done` అని గుర్తు పెట్టాలి. ఏదో ఒక గుర్తు ముందే ఉంటే ఇంకేమీ చేయకుండా మీకు చెప్పాలి. ఇది మనుషుల మాట మీద నిలిచే కట్టుబాటే, సాఫ్ట్‌వేర్ ఆపదు. కానీ ఎవరి లాగిన్ వాళ్లకు ఉన్నాక ఆ గుర్తు ఎవరు పెట్టారో చరిత్రలో ఉంటుంది.

ఇక మీ ముందున్న దారులు. నాలుగు సీట్ల కింది రకం తీసుకుంటే ఖర్చు ముందే తెలుస్తుంది, పేర్లు విడివిడిగా ఉంటాయి, రూల్‌లు మీరే కూర్చుని రాసుకోవాలి. దసరాకు ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే రెండు సీట్లు పెరుగుతాయి. అప్పుడు చూసుకోవాల్సింది గడువు. ఏడాది ఒప్పందంలో మధ్యలో సీట్లు పెంచుకోనిస్తారు గానీ, తగ్గించడం సాధారణంగా మళ్లీ రెన్యువల్ దాకా కుదరదు. దసరాకు పెట్టిన సీటుకు వేసవిలోనూ కడుతూ ఉంటారు. నెలవారీ చెల్లింపులో సీటు ధర కొంచెం ఎక్కువైనా తీసేసుకోవచ్చు. ఫ్రెష్‌డెస్క్‌లో డే పాస్ అని ఉంది, అప్పుడప్పుడు వచ్చేవారికి రోజు లెక్కన కొనొచ్చు. మీకు కొటేషన్ ఇచ్చిన కంపెనీలో అలాంటిది ఉందేమో అడగండి.

పై రకం తీసుకోవాలనే మీ ఇంట్లో తేలితే, శ్రావణానికి వద్దు. ముందు కింది రకంతో రెండు నెలలు నడిపి, ఏ పని దానిలో కుదరక ఆగిపోయిందో రాసుకోండి. పైకి జరగడం ఎప్పుడైనా కుదురుతుంది, కిందికి దిగడమే కష్టం. ఒక ఆటంకం మాత్రం నిజంగా మిమ్మల్ని పైకి నెట్టొచ్చు. అది వాట్సాప్. కొన్నిచోట్ల వాట్సాప్‌ను కలుపుకోవడం కింది ప్లాన్‌లో ఉండదు, లేదా విడిగా కొనాలి. మీ పట్టికలో 100కి 78 వాట్సాప్‌లోనే వచ్చాయి కాబట్టి, కింది ప్లాన్‌లో అది లేకపోతే పైన చెప్పిన రూల్‌లన్నీ మిగతా 22కే పనిచేస్తాయి. జోహో డెస్క్‌లో ముగ్గురి వరకు ఉచిత ప్లాన్ ఉంది, అది చూసి ఆశపడేవారికీ ఇదే చెబుతాను. అది ఈమెయిల్‌తో నడిచే ప్లాన్, మీ కస్టమర్లలో ఎక్కువమంది ఈమెయిల్ రాయరు. ఇంకొకటి, వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో కస్టమర్ రాసిన 24 గంటల లోపు ఇచ్చే మామూలు జవాబుకు మెటా డబ్బు తీసుకోదు. ఆ తర్వాత మనమే కదిలిస్తే, మెటా ముందే ఒప్పుకున్న నమూనాలో ఉండే టెంప్లేట్ మెసేజ్ పంపాలి, దానికి తీసుకుంటుంది. ఆ ఖర్చు సాఫ్ట్‌వేర్ కొటేషన్‌లో కనిపించకపోవచ్చు. రాత్రి పూట ఒక మనిషి ఉండటం మీకు అందుకూ విలువే.

ట్రయల్ తీసుకునేటప్పుడు జాగ్రత్త. చాలావరకు అవి పై ప్లాన్‌లోనే తెరుచుకుంటాయి. అందులో రూల్‌లు రాసుకుని, తీరా కింది ప్లాన్ కొన్నాక కొన్ని ఆగిపోతాయి. మొదటి రోజే ‘నేను కొనబోయే ప్లాన్‌కు మార్చండి’ అని అడిగి, అందులోనే అడ్రస్ రూల్ పెట్టి, మీ ఫోన్ నుంచి ‘adress marchali’ అని మెసేజ్ పంపి చూడండి. ఆ గుర్తు పడాలి, డిస్పాచ్ గుంపులో కనపడాలి. ఇద్దరమ్మాయిలూ వేర్వేరు లాగిన్‌లతో ఒకే టికెట్ తెరిచి, రెండోవారి పేరు పక్కన కనిపిస్తుందో లేదో చూడాలి.

సేల్స్ అతన్ని ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి: ఈ ధరకు వాట్సాప్ ఉందా, రూల్‌లు ఎన్ని పెట్టుకోవచ్చు, సీటు తగ్గించడం ఎప్పుడు కుదురుతుంది, మూసిన టికెట్‌కు జవాబు వస్తే ఎన్ని రోజుల తర్వాత కొత్తది పుడుతుంది. మీ మరిదికి ఇంకా టికెట్ల ప్లాన్ మీద మనసుంటే ఆ కంపెనీకి ఇంకొకటి కలపండి: ఆటో రిప్లై మాత్రమే వెళ్లిన సంభాషణను బిల్లులో లెక్కపెడతారా? జవాబులు రాతలో వస్తే ఇంట్లో వాదించుకోవడానికి కాగితం ఉంటుంది.

సీట్లు కొన్న రోజు మొదటి లాగిన్ మీ ఆడపడుచుగారి పేరుతో, ఆవిడ ఫోన్ నంబర్‌తో తెరవండి. ఓటీపీ ఆవిడకే రావాలి, మీ ఫోన్‌కు కాదు. పాత ఉమ్మడి లాగిన్‌కు పాస్‌వర్డ్ మార్చి దాన్ని మీ ఒక్కరి పేరు మీదకు తెచ్చుకోండి. పాత టికెట్ల చరిత్ర పోకూడదు కాబట్టి దాన్ని తీసేయకండి. ఆ రాత్రి జరిగిన టికెట్‌లో మీ పేరుతో ఒక నోట్ రాసిపెట్టండి: ‘ఉమ్మడి లాగిన్ వల్ల ఎవరు చేసిందీ తెలియదు.’ రేపు ఎవరు ఆ టికెట్ తెరిచినా ఆ వాక్యం చదువుతారు.